ఆమెకు తెల్లారితే అతనికి పొద్దుపోతుంది

మెక్సికోలోని గ్వాదలహారాలో ఇప్పుడు టైమెంతో తెలుసుకోవాలంటే ఫోన్ తీయక్కర్లేదు. మన టైముకి అరగంట కలిపి, ఉదయం అన్నచోట రాత్రి అని, రాత్రి అన్నచోట ఉదయం అని మార్చుకుంటే చాలు. మనకు శనివారం ఉదయం ఏడయితే వాళ్లకి శుక్రవారం రాత్రి ఏడున్నర. మనకు రాత్రి పదయితే వాళ్లకి అదే రోజు ఉదయం పదిన్నర. తేడా పదకొండున్నర గంటలు.

ఆ అరగంట మన తరఫు నుంచి వచ్చిందే. దేశమంతటికీ ఒకే గడియారం పెట్టడానికి ఎంచుకున్న 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర్నుంచి, ఇటు మన కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. దాని లెక్క గ్రీన్‌విచ్‌కి ఐదున్నర గంటలు ముందు. గ్వాదలహారా గ్రీన్‌విచ్‌కి ఆరు గంటలు వెనక. రెండూ కలిపితే పదకొండున్నర.

ఈ కిటుకు నాకు చెప్పింది కాకినాడ అమ్మాయే. హైదరాబాద్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గచ్చిబౌలిలో హాస్టల్. ఆమె ప్రేమించిన అబ్బాయిది గ్వాదలహారా. ఒకే ప్రాజెక్టులో ఆమెది కోడ్, అతనిది టెస్టింగ్. టెకీలాకీ మరియాచి పాటకీ పుట్టిల్లయిన హలిస్కో రాష్ట్రానికి ఆ ఊరు రాజధాని. దాన్ని మెక్సికో సిలికాన్ వ్యాలీ అని కూడా అంటారు. మన టీసీఎస్‌కీ అక్కడ ఆఫీసుంది. అందుకే మన కుర్రాళ్లకి అది మరీ తెలియని ఊరేం కాదు. ఈ ఇద్దరూ పేర్లు రాయొద్దన్నారు. ఆమె ఇంట్లో ఇంకా చెప్పలేదు. చాట్ మాత్రం చూపించారు.

ఇద్దరికీ మధ్య ఇంగ్లిష్ ఉంది. కానీ అది ఆఫీసు ఇంగ్లిష్. ఫలానా బగ్ ఎందుకొచ్చిందో చెప్పడానికి బాగానే సరిపోతుంది. నిద్ర కళ్లతో ఫోన్ తీసి ‘లేచాను’ అని చెప్పాలంటే మాత్రం అతనికి స్పానిష్ వస్తుంది, ఆమెకి తెలుగు వస్తుంది. కాబట్టి వీళ్ల గుడ్ మార్నింగులకీ గుడ్ నైట్‌లకీ రెండు చిక్కులు: ఎదుటివాళ్ల గడియారం, ఎదుటివాళ్ల భాష. మొదటి చిక్కు తీరితే రెండోది సగం తీరినట్టేనని ఆమె అంటుంది. చాట్ చదివాక నాకూ అలాగే అనిపించింది.

మీటింగ్ మధ్యలో గుడ్ నైట్

మొదట్లో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. ప్రేమికులకు పంపాల్సిన స్పానిష్ సందేశాలు నెట్‌లో వెతికి, వాటిలో అందంగా కనబడ్డ గుడ్ నైట్ ఒకటి ఎంచుకుని, పడుకోబోయే ముందు పంపేది. ‘నక్షత్రాలు నీ నిద్రకు కాపలా కాయాలి’ తరహాలో నాలుగు వాక్యాలు. ఆమెకి రాత్రి పదిముప్పావు. అతనికి ఉదయం పదకొండుంపావు. టీమ్ మీటింగ్‌లో ఉన్నాడు. కిటికీ బయట మిట్ట ఎండ. నక్షత్రాలెక్కడివి?

ఇలాంటి రెడీమేడ్ సందేశాల లోపం భాషలో లేదు. అవన్నీ పంపేవాళ్ల గడియారం చూసి రాసినవి. ఒకే ఊళ్లో ఉన్నవాళ్లకైతే ఇద్దరికీ ఒకేసారి చీకటి పడుతుంది కాబట్టి తేడా తెలియదు. పదకొండున్నర గంటల దూరంలో అదే సందేశం అర్థం లేకుండా పోతుంది. అందుకే వీళ్లు ఓ పద్ధతికి వచ్చారు. నా సంగతి కబురుగా చెప్పాలి, నీ పొద్దు చూసి దీవించాలి. అంటే ఆమె పడుకునేటప్పుడు ‘నేను పడుకుంటున్నా’ అన్నది కబురు, ‘నీ రోజు బాగా గడవాలి’ అన్నది శుభాకాంక్ష. ఆమె లేచినప్పుడు ‘లేచాను’ అన్నది కబురు, ‘హాయిగా పడుకో’ అన్నది శుభాకాంక్ష.

స్పానిష్‌లో దీనికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. రాత్రి పంపేది: ‘యా మె వోయ్ ఆ దోర్మీర్. కె తెంగాస్ బొనీతో దీయా.’ ఇక పడుకుంటున్నా, నీకు రోజు చక్కగా గడవాలి అని. పొద్దున్న పంపేది: ‘యా దెస్పెర్తె. కె దెస్కాన్సెస్.’ లేచాను, నువ్వు విశ్రాంతి తీసుకో అని. మెక్సికోలో ఇంట్లో వాళ్లు రోజూ అనుకునే మాటలే ఇవి. నక్షత్రాల్లేవు, దేవదూతల్లేరు. అతను మొదటిసారి ‘ఇది నువ్వే రాశావు కదా’ అని అడిగింది ఈ రెండు ముక్కలు చూశాకే.

గడియారాలు ఇలా పూర్తిగా ఎదురెదురుగా ఉండటం శాపమనుకుంటాం. నిజానికి ఇది సులువైన తేడాల్లో ఒకటి. హైదరాబాద్‌లో ఉదయం ఏడు నుంచి పదిలోపు గ్వాదలహారాలో రాత్రి ఏడున్నర నుంచి పదిన్నర. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరున్నర నుంచి పదిన్నర దాకా అక్కడ ఉదయం ఏడు నుంచి పదకొండు. అంటే రోజుకి రెండుసార్లు ఇద్దరూ మేలుకుని, చేతిలో ఫోన్‌తో దొరుకుతారు. ప్రతిసారీ ఒకరు రోజు మొదలుపెడుతుంటారు, ఇంకొకరు ముగిస్తుంటారు. షిఫ్టు మారేటప్పుడు ఒకరు ఇంకొకరికి పని అప్పగించి వెళ్లినట్టే ఉంటుంది ఆ కాసేపూ.

ఒక చిన్న తగాదా గురించి చెప్పాలి. ఓ శనివారం ‘నీ మెసేజ్ తొమ్మిది దాటాక గానీ రాలేదు, అప్పటిదాకా ఎదురుచూశాను’ అని ఆమె రాసింది. ‘నేను పెట్టింది తొమ్మిదీ నలభైకి’ అని అతను స్క్రీన్‌షాట్ పంపాడు. ఆమె తన స్క్రీన్‌షాట్ పంపింది. అందులో తొమ్మిదీ పది ఉంది. ఒకే మెసేజ్, రెండు టైములు. వాట్సాప్ ఎవరి ఫోన్‌లో వాళ్ల ఊరి టైమే చూపిస్తుంది. అతని తెర మీద శుక్రవారం రాత్రి 9:40, ఆమె తెర మీద శనివారం ఉదయం 9:10. రెండూ ఒకే క్షణం. ఇద్దరూ నిజమే చెప్పారు. దూరాన ఉన్న జంటలు స్క్రీన్‌షాట్‌లతో వాదనకి దిగే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

తిన్నావా అంటే ఏం తిన్నావా అని?

మన ఇళ్లల్లో నిజానికి గుడ్ మార్నింగ్ ఉండదు. శుభోదయం, శుభరాత్రి అన్నవి బొమ్మల మీద, టీవీల్లో కనబడే మాటలు. అమ్మ పొద్దున్నే ఫోన్ చేస్తే ‘లేచావా, కాఫీ తాగావా’ అంటుంది. రాత్రయితే ‘తిన్నావా, ఇక పడుకో’ అంటుంది. ప్రేమ మాటలన్నీ తిండిలోంచే వస్తాయి. ఈ అమ్మాయికి కూడా సహజంగా వచ్చిన ప్రశ్న ‘తిన్నావా?’ దాన్ని తర్జుమా యాప్‌లో వేస్తే ‘యా కొమిస్తె?’ అని వచ్చింది. పంపేసింది. అతనికి పొద్దున్న ఏడున్నర. ‘ఇప్పుడా? లేదు, ఇంకా చాలా టైముంది’ అని జవాబొచ్చింది. రాత్రి ఎనిమిదింటికి అడిగితే ‘మధ్యాహ్నమే తిన్నాగా’ అన్నాడు. ఆమెకి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

సంగతేమిటంటే, మెక్సికోలో ‘కొమీద’ అంటే ఏదో ఒక తిండి అన్న అర్థంతోపాటు ప్రత్యేకంగా మధ్యాహ్నం పెద్ద భోజనం. దాన్ని రెండు, మూడు గంటలప్పుడు తింటారు. పొద్దున్న తినేదానికి వేరే క్రియ, రాత్రి తినేదానికి వేరే క్రియ. కాబట్టి అతను లేచిన వేళకి ‘యా దెసయునాస్తె?’ అనాలి, పడుకోబోయే వేళకి ‘యా సెనాస్తె?’ అనాలి. మనం టిఫిన్ చేశావా, భోజనం చేశావా అని వేరు చేయమూ? అంతే తేడా. ఇది తెలిశాక ఆమె ప్రశ్నకి జవాబులు పొడుగయ్యాయి. చిలకీలేస్ తిన్నానని, అవి వేయించిన మొక్కజొన్న రొట్టె ముక్కల్ని సాల్సాలో కలిపి చేస్తారని, అమ్మ ఆకుపచ్చ సాల్సాతో చేస్తే తనకి ఎర్రది ఇష్టమని రాశాడు. ఆమె తన పెసరట్టు ఫొటో పంపింది. నెట్‌లో తెచ్చిన గుడ్ నైట్‌కి వచ్చిన జవాబు ఒక గుండె బొమ్మ. ‘సెనాస్తె?’కి వచ్చింది ఎనిమిది వరసలు. ఏ సందేశం పనిచేస్తోందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కొలత లేదు: దానికి జవాబుగా ఎదుటివాళ్లకి చెప్పడానికి ఏమైనా ఉండాలి.

అటువైపు నుంచి కూడా ఇలాంటి ప్రశ్న ఒకటుంది. పొద్దున్న లేవగానే మెక్సికోవాళ్లు ‘కోమో అమనేసిస్తె?’ అని అడుగుతారు. నీకెలా తెల్లారింది అన్నట్టు. నిద్ర బాగా పట్టిందా, ఒంట్లో ఎలా ఉందని భావం. ఆమె పొద్దున్నే ఫోన్ తీస్తే కనబడాల్సిన మాట ఇదేనని అతని నమ్మకం. అందుకని తన రాత్రి పూట దీన్ని పంపి పడుకుంటాడు. దీనికి ‘బాగానే’ అని ఒక్క ముక్కలో జవాబిస్తే వాళ్ల దగ్గర కాస్త ముభావంగా ఉన్నట్టు లెక్క. రాత్రి కరెంటు పోయింది, దోమలు కుట్టాయి అని చెప్పాలి. ఆమెకి ఇది తొందరగానే అలవాటయింది. కాకినాడ వాళ్లకి దోమల గురించి చెప్పడం కష్టం కాదు కదా.

బ్వేనాస్ నోచెస్ అంటే వెళ్లిపోతున్నానని కాదు

గుడ్ నైట్ అంటే మనకి సెలవు. తలుపు వేసేయడం. స్పానిష్‌లో ‘బ్వేనాస్ నోచెస్’ తలుపు తీసేటప్పుడూ అంటారు. పొద్దుగూకాక ఎవరింటికైనా వెళితే, దుకాణంలోకి అడుగుపెడితే, పలకరింపు అదే. అతను రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు నుంచి వచ్చి, స్నానం చేసి, తీరిగ్గా కూర్చుని ‘బ్వేనాస్ నోచెస్, మి అమోర్’ అని మొదలుపెట్టేవాడు. అప్పుడు హైదరాబాద్‌లో ఉదయం ఏడున్నర. ఆమె దాన్ని చూసి, పాపం అలసిపోయి పడుకుంటున్నాడనుకుని ‘కె దెస్కాన్సెస్’ అని పెట్టి స్నానానికి వెళ్లిపోయేది. కబుర్లకి కూర్చున్నవాడికి పడుకోమని జవాబు. కొన్ని వారాలపాటు ఇద్దరూ ఎదుటివాళ్లకి తమతో మాట్లాడే ఓపిక లేదనుకున్నారు.

ఎలా పోల్చుకోవాలంటే, పక్కన ఏముందో చూడాలి. ఉత్త ‘బ్వేనాస్ నోచెస్’ అయితే పలకరింపు. ‘యా మె వోయ్ ఆ దోర్మీర్’, ‘అస్తా మన్యానా’ లాంటివి తోడయితే సెలవు. టైము కూడా చెబుతుంది. ఎనిమిదింటికి వస్తే రావడం, పదిన్నరకి వస్తే పోవడం.

ఇక ‘మన్యానా’ గొడవ ఒకటుంది. ఆ మాటకి రేపు అనీ అర్థమే, పొద్దున్న అనీ అర్థమే. దానికి పదకొండున్నర గంటలు తోడయితే ఇక చెప్పక్కర్లేదు. అతను శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ‘రేపు మాట్లాడదాం’ అంటాడు. అతని రేపు శనివారం. ఆ మాట చదివేటప్పటికే ఆమెకి శనివారం ఉదయం ఎనిమిదిన్నర. ఆమె రేపు ఆదివారం. ఆమె ఆదివారం దాకా ఫోన్ పట్టించుకోదు. అతను శనివారం పొద్దున్న ఏడింటికే లేచి కూర్చుంటాడు. పరిష్కారం మరీ సాదా. రేపు, ఎల్లుండి అన్న మాటలు మానేశారు. వారం పేరు, ఎవరి టైమో చెబుతారు. ‘శనివారం, నీ సాయంత్రం ఏడు’ అంటే ఇంకో అర్థం రాదు.

మెక్సికోవాళ్ల ‘అఓరీత’ గురించి కూడా ఓ మాట. ఇప్పుడే అని అర్థం. ‘అఓరీత తె మార్కొ’ అంటే ఇప్పుడే ఫోన్ చేస్తా అని. ఆ ఇప్పుడు రెండు నిమిషాలు కావచ్చు, రెండు గంటలు కావచ్చు, అసలు రాకపోనూవచ్చు. మనవాళ్లు ‘దార్లో ఉన్నా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా’ అనడం లాంటిదే కాబట్టి తెలుగువాళ్లకి కోపం రావడానికి వీల్లేదు. కానీ రాత్రి పదిన్నర దాటాక నిద్ర ఆపుకుని ఆ ‘అఓరీత’ కోసం కూర్చుంటే మాత్రం నష్టం. ఆ వేళప్పుడు గంట అడగాలి. ‘ఎన్నింటికి?’ అంటే అంకె చెబుతాడు.

గుడ్ మార్నింగ్, లావుపిల్లా

తర్జుమా యాప్‌లు లేకపోతే ఈ ప్రేమ ఇంతదూరం వచ్చేది కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు. వాటి వల్ల జరిగిన గొడవల్ని మాత్రం ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పారు. ఓ రోజు ఆమె లేచేసరికి అతని సందేశంలో ‘గోర్దీతా’ అన్న మాట ఉంది. యాప్‌లో వేస్తే లావు, బొద్దు అన్న అర్థం వచ్చింది. అంతకుముందు వారమే జిమ్ మానేసిందామె. ఆ పూట జవాబివ్వలేదు. మెక్సికోలో గోర్దో, గోర్దా అన్నవి భార్యాభర్తలు, ప్రేమికులు, తల్లులు పిల్లల్ని పిలుచుకునే ముద్దుపేర్లు. మనిషి ఎంత సన్నగా ఉన్నా అనొచ్చు. ఇటు ఆమె ‘బంగారం’ అని తెలుగులో పెడితే అతని యాప్ లోహం పేరు చూపించింది. బంగారం ధర ఎంతుందో చెబుతోందేమోనని అతను అనుకున్నాడట. ముద్దుపేర్లని యాప్‌కి ఇవ్వకూడదు. వాటిని తర్జుమా చేయకుండా ఎవరి మాట వాళ్లు వాడుకోవడమే మేలు. ఇప్పుడు అతను ఆమెని ఇంగ్లిష్ అక్షరాల్లో ‘బంగారం’ అంటాడు, ఆమె అతన్ని ‘గోర్దో’ అంటుంది.

అంతకంటే తక్కువ కనబడే తప్పు ఒకటుంది. తెలుగులో ‘అలసిపోయాను’ అంటే ఆడా మగా ఒకటే. స్పానిష్‌లో ఆడపిల్ల ‘ఎస్తోయ్ కాన్సాదా’ అనాలి, మగవాడు ‘కాన్సాదో’ అనాలి. మన వాక్యంలో ఆడో మగో అన్నది ఉండదు కాబట్టి యాప్ చాలాసార్లు మగవాడి రూపమే ఇస్తుంది. ఆమె కొన్నాళ్లు ప్రతి రాత్రీ మగవాడిలా అలసిపోయింది. అతను నవ్వుకుని ఊరుకున్నాడు. సొంతంగా రాయట్లేదని తెలిసిపోయేది కూడా ఇక్కడే. అలసిపోవడం, సంతోషపడటం లాంటి తన గురించి చెప్పే నాలుగైదు మాటలకి చివర ‘ఆ’ ఉండాలో ‘ఓ’ ఉండాలో నేర్చుకుంటే చాలు. మిగతాది ఎవరి భాషలో వాళ్లు రాసుకోవచ్చు.

చివరికి వీళ్లు కుదుర్చుకున్నదీ అదే. పూర్తిగా ఎదుటివాళ్ల భాషలో రాయడం మానేశారు. ఆమె మొదటి వాక్యం స్పానిష్‌లో రాస్తుంది, తర్వాత ఇంగ్లిష్. అతను చివరి వాక్యం తెలుగులో రాస్తాడు, ఇంగ్లిష్ అక్షరాలతో. రోజుకో పదిహేను సెకన్ల వాయిస్ మెసేజ్ మాత్రం పూర్తిగా సొంత భాషలోనే. అర్థమైనా కాకపోయినా సరే. గొంతు వింటే జలుబు చేసిందో, కోపంగా ఉందో తెలుస్తుందని అతని వాదన. అది నిజమే. రాసిన గుడ్ మార్నింగ్‌లో జలుబు వినబడదు.

పొద్దున్నే వచ్చే బొమ్మల సంగతి చెప్పకపోతే మన పాఠకులు ఒప్పుకోరు. గులాబీలు, కాఫీ కప్పులు, శనివారమైతే వేంకటేశ్వరస్వామి, కింద శుభోదయం. 2018లో అమెరికా పత్రిక వాల్‌స్ట్రీట్ జర్నల్ ఈ బొమ్మలతో ఇండియాలో ఫోన్లు ఎలా నిండిపోతున్నాయో ఓ పెద్ద వార్తే రాసింది. ఇది మన ఒక్కళ్ల జబ్బనుకున్నాం. మెక్సికోలో వీటిని ‘పియోలీన్’ అంటారు. ట్వీటీ అనే పసుపుపచ్చ కార్టూన్ పిట్టకి స్పానిష్‌లో పెట్టిన పేరది. మెరుపులు, పూలు, మధ్యలో ఆ పిట్ట, కింద దేవుడు నిన్ను దీవించుగాక అని. పంపేది అక్కడా పిన్నులూ అత్తలే. ప్రియురాలికి పియోలీన్ పంపితే పరువుండదు. కానీ కాకినాడలో పెద్దమ్మ పంపిన గులాబీ, గ్వాదలహారాలో అత్త పంపిన పిట్ట ఒకే పూట ఒకరికొకరు ఫార్వర్డ్ చేసుకోవడం వీళ్లకి ఆదివారం ఆట. రెండు కుటుంబాల మధ్య జరుగుతున్న రాకపోకలు ప్రస్తుతానికి ఇవే.

ఏడు గంటలకి సరిగ్గా వచ్చే ప్రేమ

నిద్ర చాలనప్పుడు ఆమె ఓ అడ్డదారి పట్టింది. టెలిగ్రామ్‌లో పంపే బటన్‌ని నొక్కి పట్టుకుంటే ఫలానా టైముకి వెళ్లేలా పెట్టుకోవచ్చు. వారానికి సరిపడా ‘లేచాను’లు ముందే రాసి ఉదయం ఏడుకి పెట్టేసింది. కొన్ని రోజులు బాగానే నడిచింది. తర్వాత అతనికి అనుమానం వచ్చింది. రోజూ సరిగ్గా తన ఏడున్నరకే, నిమిషం అటూ ఇటూ కాకుండా వస్తోంది. పైగా ఒక రోజు ‘లేచాను’ అన్న సందేశానికి అతను వెంటనే ఫోన్ చేస్తే, జ్వరంతో పడుకున్న ఆమెని హాస్టల్ స్నేహితురాలు లేపి ఫోనిచ్చింది. ‘నువ్వు లేచానన్నావుగా?’ అన్నాడు.

లేచాననే మాట కబురు. అది నిజమైతేనే విలువ. అతని అమ్మ పుట్టినరోజు గుర్తుచేయడానికో, ఇంటర్వ్యూకి వెళ్లేముందు ధైర్యం చెప్పడానికో ముందే పెట్టుకోండి, తప్పులేదు. పొద్దున్న పలకరింపుని మాత్రం పెట్టొద్దు. ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు.

నిద్ర సమస్యకి అసలు కారణం వేరే ఉంది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్‌లో సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము మూడు దాకా షిఫ్టులు మామూలే. అలాంటి షిఫ్టు పడ్డ వారం ఆమె తెల్లవారుజామున నాలుగింటికి పడుకుంటుంది. అతనికి సాయంత్రం నాలుగున్నర, ఆఫీసులో ఉంటాడు. మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తుంది. అతనికి రాత్రి పన్నెండున్నర, నిద్రలో ఉంటాడు. పొద్దున్న, రాత్రి రెండు కిటికీలూ మూసుకుపోతాయి. విచిత్రమేమిటంటే అదే వారం ఇద్దరి పని గంటలు కలుస్తాయి. రోజంతా ఒకే మీటింగుల్లో ఉంటారు, టికెట్ల గురించే మాట్లాడుకుంటారు. మొదట్లో అతను ఆమె లేచేదాకా మేలుకుని ఉండేవాడు. రాత్రి ఒంటిగంట దాటేది. మూడో రోజుకి జవాబులు చిన్నవయ్యాయి, నాలుగో రోజు గొడవ. ఇప్పుడు నైట్ షిఫ్టు వారంలో మేలుకోవడం లేదు. పడుకునే ముందు ఒక వాయిస్ మెసేజ్ పెట్టి, ఫోన్ శబ్దం ఆపేస్తాడు. అది ఆమె లేచేదాకా అక్కడే ఉంటుంది. రెండు నీలం టిక్కులు పన్నెండింటికి పడతాయని ఇద్దరికీ తెలుసు కాబట్టి టిక్కుల వంక చూడటం మానేశారు.

మామూలు వారాల్లో కూడా ఒక ఇబ్బంది మిగిలే ఉంది. గడియారాలు ఎదురెదురుగా ఉన్నప్పుడు వాళ్లు కలిసే ప్రతిసారీ ఒకరు తాజాగా ఉంటారు, ఇంకొకరు రోజంతా పనిచేసి నీరసించి ఉంటారు. తాజాగా ఉన్నవాళ్లు ‘పెళ్లి సంగతి ఇంట్లో ఎప్పుడు చెబుతావ్’ లాంటి పెద్ద ప్రశ్న మొదలుపెడతారు. నిద్రకి జోగుతున్నవాళ్లు ఏదో ఒకటి అంటారు. ఆ ఏదో ఒకటి మర్నాటికల్లా ముదురుతుంది. రాత్రి తగాదాని పొద్దున్నకి వాయిదా వేయమని పెద్దలు చెప్పే సలహా ఇక్కడ పనికిరాదు. మీ పొద్దున్న ఎదుటివాళ్ల రాత్రే. ఇద్దరికీ ఓపికుండే గంట ఒక్కటే దొరికింది: ఆదివారం, హైదరాబాద్‌లో సాయంత్రం ఏడున్నర, గ్వాదలహారాలో ఉదయం ఎనిమిది. సెలవు రోజు కాబట్టి ఆమె అలసిపోయి ఉండదు, అతను కాఫీ తాగి ఉంటాడు. పెద్ద విషయాలన్నీ ఆ గంటకే. మిగతా రోజుల్లో గుడ్ మార్నింగులూ గుడ్ నైట్‌లూ చిన్న విషయాలే మోస్తాయి. చిలకీలేస్, దోమలు, బస్సు మిస్సవడం.

ఒక విషయంలో ఈ జంట అదృష్టవంతులు: వాళ్ల తేడా ఏడాదంతా ఒకటే. 1996 నుంచి మెక్సికోలో వేసవికి గడియారం గంట ముందుకు జరిపేవారు. 2022 అక్టోబరు చివర్లో ఆ పద్ధతి ఎత్తేశారు. అమెరికా సరిహద్దునున్న తిహువానా, సియుదాద్ హువారెస్ లాంటి ఊళ్లు మాత్రం ఇప్పటికీ అమెరికాతోపాటే మారుతున్నాయి. కాన్‌కూన్ అయితే ఏడాది పొడుగునా గ్వాదలహారా కంటే గంట ముందుంటుంది. మీవాళ్లు డల్లాస్‌లో ఉంటే చలికాలం తేడా పదకొండున్నర గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర. జర్మనీలో అయితే చలికాలం నాలుగున్నర, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మూడున్నర. ఆ రెండు ఆదివారాలనీ క్యాలెండర్లో రాసిపెట్టుకోండి. మర్నాడు గుడ్ మార్నింగ్ గంట ఆలస్యంగా వచ్చిందని అలిగే ముందు ఓసారి అటు చూడండి.